చూపు కంటే వేలు ముందు పోతే

తాడోబాలో పులి కనిపించడమే అదృష్టం అంటారు. కెమెరా మెడలో వేసుకుని వెళ్లేవాడికి అసలు పరీక్ష ఇంటికొచ్చాక మొదలవుతుంది. ఇప్పటి కెమెరాలు సెకనుకు పది, పదిహేను, ఇరవై ఫ్రేములు కూడా తీస్తాయి. పులి మట్టిరోడ్డు దాటడానికి అర నిమిషం పట్టిందనుకోండి, కంగారులో బటన్ మీద వేలు తియ్యకపోతే ఆ ఒక్క అర నిమిషమే కార్డులో మూడు నుంచి ఆరు వందల ఫోటోలవుతుంది. మొహర్లీ గేటు నుంచి ఒక పొద్దుటి సఫారీకి వెళ్లొస్తే ఆరేడు వందలు నాకు మామూలే. అందులో పదిమందికి చూపించదగ్గవి పది ఉంటే గొప్ప. మిగతావి తీసెయ్యాలి. ఆ తీసెయ్యడంలోనే నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను.

మా స్టూడియో చంద్రపూర్‌లో. గనుల్లో పనికోసం తాతల కాలంలో ఇటు వచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. చంద్రపూర్, బల్లార్‌పూర్ పెళ్లిళ్లు మా బతుకుతెరువు. తాడోబా నా పిచ్చి. ఇక్కడి నుంచి మొహర్లీ గంటలోపు ప్రయాణం కాబట్టి ఆ పిచ్చి చౌకగానే సాగుతోంది. 1955లో జాతీయ ఉద్యానంగా, 1995లో అంధారీతో కలిపి పులుల అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది. మే నెలలో నీటిగుంటల దగ్గర పులులు ఎక్కువగా కనిపిస్తాయి. అదే నెలలో మా ఊళ్లో ఎండ నలభై ఆరు, నలభై ఏడు డిగ్రీలు కొడుతుంది. ఈ ఎండ సంగతి ఊరికే చెప్పడం లేదు, నా తప్పులో దానికీ వాటా ఉంది.

నేను వాడేది లైట్‌రూమ్ క్లాసిక్. అందులో ఏరే పని దాదాపు మొత్తం కీబోర్డు మీదే జరిగిపోతుంది. E నొక్కితే ఒక్క ఫోటో తెర నిండా వస్తుంది. G నొక్కితే అన్నీ చిన్న చిన్న గళ్లలో కనిపిస్తాయి. ఉంచదలచినదానికి P, వద్దనుకున్నదానికి X. ఈ రెండూ జెండాలు. జెండా తీసెయ్యాలంటే U. 1 నుంచి 5 దాకా అంకెలు నక్షత్రాలు, 0 నొక్కితే నక్షత్రాలు పోతాయి. కుడి బాణం తర్వాతి ఫోటోకి తీసుకెళ్తుంది. Photo మెనూలో Auto Advance అని ఒకటుంది. అది పెట్టుకున్నా, లేక కీబోర్డు మీద Caps Lock నొక్కి ఉంచినా బాణంతో కూడా పని లేదు. గుర్తు పెట్టిన మరుక్షణం తర్వాతి ఫోటో దానంతట అదే ముందుకొస్తుంది. X, X, P, X అంటూ వేళ్లు ఆడిస్తే ఏడు వందల ఫోటోలు అరగంటలో అయిపోతాయని ఎవరో చెప్తే విన్నాను. అరగంట మాట నిజమే. ఆ అరగంటలో నేనేం చూశానన్నదే ప్రశ్న.

అంతకుముందు నేను పూర్తిగా వేరే దారిలో పోయేవాణ్ని. మొదటి విడతలోనే ప్రతి ఫోటోకి నక్షత్రాలు వేసేవాణ్ని. ఇది మూడా, నాలుగా? వెనక గడ్డి బాగుంది కానీ చెవి వాలింది, అయితే మూడే వేద్దామా? ఒక్కో ఫోటో దగ్గర పది, పదిహేను సెకన్లు పోయేవి. పైగా మొదటి వందలో మూడిచ్చినదాన్ని ఆఖరి వందతో పోల్చి చూస్తే రెండుకి కూడా తగదు. పులి కనిపించిన కొత్తలో ఏదైనా అద్భుతంగానే అనిపిస్తుంది కదా. బల్లార్‌పూర్‌లో రీలు కాలం నుంచి ఫోటోలు తీస్తున్న మా బావ ఒకరోజు స్టూడియోకి వచ్చి, నా వెనకాల కూర్చుని కాసేపు చూశాడు. "ఏందిది, ఏరుతున్నవా, మార్కులేస్తున్నవా?" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను కానీ ఆ మాట గుచ్చుకుంది. రీలు రోజుల్లో ఆయన కాంటాక్ట్ షీటు మీద భూతద్దం పెట్టి, ఎర్ర పెన్సిలుతో కొన్నిటికి మాత్రం గుండ్రంగా చుట్టేవాడు. మార్కులూ లేవు, తరగతులూ లేవు. ఉంటే ఉంది, లేకపోతే లేదు.

సరే, నేనూ అలాగే చేస్తానని నక్షత్రాలు మానేసి P, X మీదికి వచ్చాను. మారింది నిజమే, కానీ సగమే మారాను.

ఆ మే నెలలో ఒక సఫారీలో ఆడపులి నీటిగుంట నుంచి లేచి, గడ్డిలోంచి నడుచుకుంటూ రోడ్డెక్కింది. వెనక ఒక పిల్ల. అది రోడ్డు మధ్యకొచ్చి తల్లి పొట్ట కిందుగా తల పెట్టి మా జీపు వంక చూసింది. ఒక్క క్షణం రెండు ముఖాలూ ఒకే వరసలో ఉన్నాయి. కెమెరా వెనక తెర మీద ఆ ఫ్రేము వెతికి డ్రైవరు అన్నకి చూపిస్తే ఆయన రెండు వేళ్లెత్తి నవ్వాడు. కోర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, లేకపోతే ఆ కెమెరా తెరనైనా ఫోనులో ఫోటో తీసుకుని ఉండేవాణ్ని.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కార్డు ఎక్కించాను. దింపుకునే పెట్టెలో Build Previews అనే చోట త్వరగా అయిపోతుందని Minimal పెట్టాను. అంటే లైట్‌రూమ్ పెద్ద ప్రివ్యూలు ముందే తయారు చేసి పెట్టుకోదు, నేను ఫోటో తెరిచినప్పుడు ఒక్కొక్కటిగా అప్పటికప్పుడు చేసుకుంటుంది. కూలర్ గాలి తగలని మూలన లాప్‌టాప్. ముట్టుకుంటే కాలుతోంది. వేడెక్కిన లాప్‌టాప్ తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. నేను Caps Lock వేసి X, X అంటూ పోతున్నాను. తెర ఒక్కోసారి అర సెకను, ఒక్కోసారి సెకను ఆలస్యంగా మారుతోంది. నొక్కింది పడలేదేమోనని మళ్లీ నొక్కాను. నిజానికి మొదటి నొక్కు పడింది. ప్రోగ్రాం లోపల తర్వాతి ఫోటోకి వెళ్లిపోయింది, తెర మాత్రం ఇంకా పాతదే చూపిస్తోంది. నా రెండో X నేనింకా చూడని ఫోటో మీద పడింది. అలా ఎన్ని పడ్డాయో నాకు తెలియదు. తెలిసే దారే లేకుండా తర్వాతి పని కూడా నేనే చేశాను: Ctrl+Backspace కొట్టి, వచ్చిన పెట్టెలో డిస్కు మీంచి కూడా తీసెయ్యమన్నాను. ఆ ఫైళ్లు మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి పోతాయి. డిస్కులో చోటు లేదని బిన్ కూడా ఖాళీ చేశాను. సాయంత్రం పెళ్లి ఉందని కార్డు ఫార్మాట్ చేసి, అదే కార్డు నిండా ఆ రాత్రి పెళ్లి తీశాను.

మర్నాడు P పడ్డవి తెరిస్తే పిల్ల లేదు. తల్లి నడక ఉంది, రోడ్డు ఉంది, పిల్ల వెనకభాగం ఉంది. ఫైలు నంబర్లు చూసుకుంటూ పోతే సరిగ్గా ఆ చోట వరసగా పదకొండు నంబర్లు లేవు. పదకొండూ పనికిరానివై ఉండే అవకాశం లేదు. డ్రైవరు అన్న వేళ్లెత్తి నవ్విన ఫ్రేము అందులోనే ఉంది.

తప్పు Auto Advance‌ది కాదు. అది ఇప్పటికీ వాడుతున్నాను. తెర వెనకబడ్డప్పుడు అది వాడకూడదు, అంతే. ఇప్పుడు దింపుకునేటప్పుడే 1:1 పెట్టేస్తాను. మరిచిపోతే గ్రిడ్‌లో అన్నీ ఎంచుకుని Library మెనూలో Previews కింద Build 1:1 Previews చెప్పి భోజనానికి వెళ్తాను. ఏడు వందల ఫైళ్లకి నా పాత లాప్‌టాప్ మీద గంట పైనే పడుతుంది, పట్టనీ. తొందరగా ఉంటే Embedded & Sidecar అన్నది ఉంది. అది కెమెరా ప్రతి రా ఫైలులోనూ దాచిపెట్టిన జేపెగ్‌నే తీసి చూపిస్తుంది కాబట్టి వెంటనే వస్తుంది. కాకపోతే కొన్ని కెమెరాలు అందులో చిన్న సైజు జేపెగ్ మాత్రమే పెడతాయి. దాన్ని పెద్దది చేసి కన్ను పదునుగా ఉందో లేదో తేల్చాలనుకుంటే మోసపోతాం. ఇక తెర వెనకబడుతోందా లేదా అని తెలుసుకోడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. గుర్తు పెట్టగానే తెర మీద ఒక చిన్న మాట మెరుస్తుంది. అది మెరిశాక కూడా బొమ్మ మారకపోతే వేలు తీసి ఆగాలి. మళ్లీ నొక్కకూడదు. అనుమానమొస్తే Ctrl+Z ఒక్కో మెట్టే వెనక్కి తీసుకెళ్తుంది.

రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది, అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. జెండాకి మూడు స్థితులు: ఉంచు, తీసెయ్, ఏదీ లేదు. ఈ మూడోది రెండు అర్థాలిస్తుంది. నేనింకా చూడలేదు అనీ కావచ్చు, చూశాను కానీ తేల్చుకోలేదు అనీ కావచ్చు. మధ్యలో గిరాకీ వచ్చి లేస్తాం, పాస్‌పోర్ట్ ఫోటో తీసిచ్చి వచ్చి కూర్చుంటాం. ఎక్కడ ఆపామో గుర్తుండదు. జెండా లేనివన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలి, లేదా చూశానులే అని వదిలెయ్యాలి. నేను వదిలేసేవాణ్ని.

అందుకని ఇప్పుడు మొదటి విడతలో రెండే కీలు: పోయేదానికి X, పోనిదానికి 1. ఒక నక్షత్రం అంటే బాగుందని కాదు, చూశాను, ఇప్పటికి ఉండనీ అని. ప్రతి ఫోటోకీ ఈ రెంటిలో ఒకటి పడాల్సిందే. విడత అయ్యాక గ్రిడ్‌లో \ నొక్కితే పైన వడపోత పట్టీ వస్తుంది. అందులో Attribute కింద జెండా లేనివి, నక్షత్రాలు సున్నాకు సమానమైనవి అని పెడతాను. ఏదైనా కనిపిస్తే అది నేను చూడకుండా దాటేసింది. ఏమీ రాకపోతేనే మొదటి విడత అయినట్టు.

అయితే పొరపాటున X పడ్డవి ఈ వడపోతలో దొరకవు. వాటికి వేరే చూపు కావాలి. తీసెయ్యమన్నవి మాత్రమే కనిపించేలా పెట్టి, E నొక్కి, బాణంతో వాటినొకసారి దాటుకుంటూ పోతాను. గ్రిడ్‌లో చూడను, ఎందుకంటే X పడ్డవి అక్కడ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, మంచిదీ చెడ్డదీ ఒకేలా ఉంటాయి. చెత్త మధ్యలో మంచి ఫోటో ఉంటే కంటికి తట్టకుండా ఉండదు. దానికి U కొడితే జెండా పోయి, చూడనివాటి జాబితాలోకి దానంతట అదే చేరిపోతుంది. అక్కడ మళ్లీ తీరిగ్గా చూస్తాను. మొత్తం అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు ఆ రోజు ఖర్చు పెట్టి ఉంటే పిల్ల దక్కేది.

మరి మొదటి విడతలో X దేనికి? ఇది చాటలో రాళ్లేరడం లాంటిది, మంచి గింజ ఏదని ఎవరూ చూడరు, రాయి ఏదని చూస్తారు. నేను వెతికేదీ రాయినే. పులి ఫ్రేములో లేదు, తల తెగిపోయింది, చెట్టు మొద్దు ముఖానికి అడ్డమొచ్చింది: ఇవి అర సెకను పని. చిక్కంతా మసకతోనే. మొదట్లో మసకగా ఉన్నదల్లా తీసిపారేసేవాణ్ని. మసకలన్నీ ఒక్కటి కావని పెద్దది చేసి చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను.

Z నొక్కితే ఫోటో అసలు సైజులో తెరుచుకుంటుంది. పులి కన్ను మసకగా ఉండి, ముందున్న గడ్డిపోచ సూదిలా ఉంటే ఫోకస్ గడ్డిని పట్టుకుంది. అది ఇక బాగుపడదు, X. కన్నూ మీసమూ ఒకే దిక్కుకి సాగదీసినట్టుంటే పులైనా కదిలింది, చెయ్యైనా కదిలింది. అదీ X. కాళ్లు మాత్రమే కదిలి, కన్ను నిలిచి ఉంటే 1. ఆ కదలికే నడక. ఎక్కడా ఏదీ పదునుగా లేదు, గడ్డీ లేదు, పులీ లేదు, అంచులు మాత్రం నీళ్లలో చూసినట్టు వంకర్లు పోయాయి అంటే అది ఎండ. పొద్దెక్కాక వేడి నేల మీంచి లేచే గాలి వంద మీటర్ల దూరాన్ని వణికిస్తుంది. ఇక్కడ నేను పోగొట్టుకున్న సమయం అంతా ఇంతా కాదు. ఇంత మంచి లెన్సు పెట్టాను కదా, వీటిలో ఒక్కటైనా పదునుగా ఉండకపోతుందా అని రెండు వందల ఫ్రేములు ఒక్కొక్కటే పెద్దది చేసి చూసేవాణ్ని. ఉండదు. ఆ వరసలో ఓ పదింటిని అక్కడక్కడ చూసి, అన్నిట్లోనూ అంచులు వణుకుతుంటే, పులి చిన్నగా, అడవి పెద్దగా ఉన్నవి రెండు ఉంచి మిగతావి వదిలేస్తాను.

నాలుగో రకం మసక మాత్రం మసకే కాదు. ముందు జీపు లేపిన దుమ్ము. ఫోటో పాలిపోయి, చప్పగా కనిపిస్తుంది. చిన్న సైజులో చూస్తే పనికిరాదనిపిస్తుంది. పెద్దది చేస్తే కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. కాంట్రాస్ట్ పెంచితే లేచి కూర్చుంటుంది. ఇలాంటివి ఎన్ని పారేశానో తలుచుకుంటే ఇప్పటికీ ఉసూరుమంటుంది. View మెనూలో Lock Zoom Position పెట్టుకుంటే, పెద్దది చేసినప్పుడు ప్రతి ఫోటోలోనూ అదే చోటు తెరుచుకుంటుంది. వరసగా తీసిన వాటిలో పులి తల దాదాపు ఒకే చోట ఉంటుంది కాబట్టి కన్నుతో కన్ను పోల్చడం సులువు.

ఇంత చేశాక ఆరేడు వందలు రెండు వందల దాకా వస్తాయి. ఇక్కడ నా మూడో తప్పు ఉండేది. ఒకే అడుగు పదహారు ఫ్రేముల్లో ఉంటుంది. మొదటిది బాగుంది, P. రెండోది కాస్త మెరుగు, P. మూడోది ఇంకా మెరుగు. చివరికి పదహారింటిలో పన్నెండు ఉంచినట్టు తేలేది. ముందుకు పోతూ ఎంచుకుంటే ఇలాగే అవుతుంది, ఎందుకంటే ప్రతిదాన్నీ దానికదే చూస్తున్నాం. ఒకే అడుగుకి చెందినవి పక్కపక్కన పెడితే కథ మారిపోతుంది. ఆ పదహారూ ఎంచుకుని N నొక్కితే అన్నీ ఒకే తెర మీద పరుచుకుంటాయి. ఎక్కువైతే మరీ చిన్నవైపోతాయి కాబట్టి ఆరేడు చొప్పున పెట్టుకుంటాను. ముందరి కాలు గాల్లో ఉన్నది, రెండు చెవులూ ముందుకు తిరిగినది, తల నీడలోంచి బయటపడ్డది ఇట్టే తెలిసిపోతాయి. మిగతావాటిని / నొక్కి పక్కకి జరుపుతాను. అవి పోవు, ఒక నక్షత్రంతో వెనక ఉండిపోతాయి. చివరికి రెండు మిగిలి తేలకపోతే C. రెండూ పక్కపక్కన నిలబడతాయి, ఒకదాన్ని పెద్దది చేస్తే రెండోదీ పెద్దదవుతుంది. గెలిచినదానికి 2.

గ్రిడ్‌కి తిరిగొచ్చినప్పుడు ఒక జాగ్రత్త ఉంది. / తో పక్కకి జరపనివన్నీ ఇంకా ఎంచుకునే ఉంటాయి. గ్రిడ్‌లో ఏ కీ నొక్కినా ఎంచుకున్నవన్నిటికీ పడుతుంది, పెద్ద తెరలో అయితే ముందున్న ఒక్కదానికే. నేను ఒకసారి ఒక్క ఫోటోకే అనుకుని X కొడితే ఎంచుకున్నవన్నీ వెలిసిపోయాయి. అప్పుడు Ctrl+Z కాపాడింది. ఇప్పుడు ముందు Ctrl+D కొట్టి ఎంపిక వదిలించుకుంటాను.

రెండు నక్షత్రాలు వచ్చినవి ముప్పై, నలభై ఉంటాయి. వాటిని అదే రోజు మళ్లీ చూడను. మూడో నక్షత్రం మర్నాడే. పులి చూసిన ఉత్సాహం రాత్రి నిద్రతో దిగిపోతుంది, నలభైలో పది మిగులుతాయి. నాలుగు, అయిదు అంకెలు నేను ఇప్పుడు దాదాపు వాడను. X పడ్డ ఫైళ్లు వారం పాటు డిస్కులోనే ఉంటాయి. తాడోబా కోర్ మంగళవారం మూసేస్తారు కాబట్టి తీసెయ్యడం ఆ రోజు పెట్టుకున్నాను. అప్పటిదాకా కార్డు కూడా ఫార్మాట్ కాదు, పెళ్లికి వేరే కార్డు కొన్నాను. ఒక్కో రా ఫైలు పాతిక, ముప్పై ఎంబీలు వేసుకున్నా ఏడు వందలకి ఇరవై జీబీ. వారం పాటు అంత చోటు ఇవ్వలేనంత పేదరికం ఏ డిస్కుకీ లేదు.

ఈ పద్ధతి బాగా కుదిరిందని పెళ్లిళ్లకీ అదే పెట్టాను. బల్లార్‌పూర్‌లో ఒక పెళ్లి. మసకలన్నీ X కొట్టి, మిగిలినవే ఆల్బమ్‌కి ఎంచుకొమ్మని ఇచ్చాను. పెళ్లికూతురి తల్లి ఫోను చేసింది. "తమ్మీ, మా నాయిన అక్షింతలు ఏసేటప్పుడు తీసినవ్ గదా, అది ఏది?" అని అడిగింది. చెయ్యి కదిలి, ముఖం కాస్త అలికినట్టున్న ఫోటో అది. పెద్దాయన ఆ పెళ్లి మొత్తంలో కనిపించిన ఫోటో అదొక్కటే. మంగళవారం ఇంకా రాలేదు కాబట్టి ఫైలు దొరికింది. U కొట్టి, ప్రింటు తీసి పంపాను.

పులికి వరసలో పదహారు ఫ్రేములుంటాయి, ఒకటి పోయినా పదిహేను ఉంటాయి. పెళ్లిలో కొందరు ఒకే ఒక్క ఫ్రేములో ఉంటారు. అందుకని పెళ్లి ఫోటోల మొదటి విడతలో మసకకి X వెయ్యను. కళ్లు మూసినవి, ఖాళీ కుర్చీలు, ఫ్లాష్ పడనివి మాత్రమే పోతాయి. ఈ విడతలో Auto Advance ఆపేసి, మసకవాటికి 1 ఇచ్చి, పైన 6 కొట్టి ఎర్ర లేబుల్ పెడతాను. తర్వాత ఆ ఎర్రవాటిని మాత్రం వడపోసుకుని, ఇంట్లోవాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇందులో ఉన్నాయన ఇంకెక్కడైనా ఉన్నాడా అని అడుగుతూ పోతాను. ఇక్కడ వేగం రాదు. రెండు గంటలు పడుతుంది, మధ్యలో చాయ్ కూడా వస్తుంది.